అయొడైడ్ ఆర్డర్ 1.15 దగ్గర ఎందుకు ఆగింది: తిరుపతి ల్యాబ్‌లో మా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

ఇంటర్ రెండో ఏడాది నుంచి డిగ్రీ ఆఖరి ఏడాది దాకా ఇలాంటి పట్టికలు కనీసం యాభై చేసుంటాను. ఒక రసాయన చర్యకి మూడు ప్రయోగాలు, మూడు గాఢతలు, మూడు తొలి రేట్లు ఇస్తారు. ఒకదాని గాఢత రెట్టింపైతే రేటు రెట్టింపైంది, కాబట్టి ఆర్డర్ 1. నాలుగు రెట్లైంది, కాబట్టి 2. చివర్లో రేటు స్థిరాంకం k కనుక్కోమంటారు. ఆ పట్టికలో అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్కసారీ అడగలేదు. అందుకే ప్రాజెక్టు ఎంచుకోమన్నప్పుడు, అలాంటి పట్టిక ఒకటి మా చేతులతో తయారు చేస్తామని గైడ్ మేడమ్‌కి చెప్పాం.

ఎంచుకున్న చర్య పర్‌సల్ఫేట్, అయొడైడ్ మధ్య జరిగేది:

S₂O₈²⁻ + 2I⁻ → I₂ + 2SO₄²⁻

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఫ్లాస్కులో ముందే కొంచెం థయోసల్ఫేట్, స్టార్చ్ వేసి ఉంచుతాం. పుట్టిన అయొడిన్‌ని పుట్టినట్టే థయోసల్ఫేట్ తినేసి మళ్ళీ అయొడైడ్‌గా మార్చేస్తుంది. థయోసల్ఫేట్ అయిపోయిన క్షణాన మిగిలిన అయొడిన్ స్టార్చ్‌తో కలిసి ఫ్లాస్కు మొత్తం నల్లటి నీలంగా మారుతుంది. కలిపినప్పటి నుంచి రంగు వచ్చేదాకా పట్టిన సెకన్లే మనకు కావలసిన కొలత.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. అయొడైడ్ ఖర్చైనంతా తిరిగొస్తుంది కాబట్టి రంగు వచ్చేదాకా దాని గాఢత మారదు. పర్‌సల్ఫేట్ మాత్రం కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గాలో థయోసల్ఫేట్ పరిమాణంతో మనమే నిర్ణయిస్తాం. మిశ్రమంలో థయోసల్ఫేట్ 0.0010 మోలార్ ఉంటే, రంగు వచ్చేసరికి పర్‌సల్ఫేట్ 0.0005 మోలార్ మాత్రమే తగ్గి ఉంటుంది. మొదట 0.040 మోలార్ ఉన్న దాంట్లో అది 1.25 శాతం. అంత తక్కువ కాబట్టే ఈ సగటు రేటును ‘తొలి రేటు’ అనగలుగుతున్నాం.

ఏప్రిల్ 7

ద్రావణాలు కలిపాం. పొటాషియం అయొడైడ్ 0.20 మోలార్ (500 మి.లీ.కి 16.6 గ్రాములు), అమ్మోనియం పర్‌సల్ఫేట్ 0.10 మోలార్ (250 మి.లీ.కి 5.7 గ్రాములు), సోడియం థయోసల్ఫేట్ 0.0050 మోలార్. స్టార్చ్‌ని విడిగా చుక్కలు వేయకుండా థయోసల్ఫేట్ ద్రావణంలోనే కలిపేశాం, మొత్తం కచ్చితంగా 50 మి.లీ. దగ్గర ఆగాలని. పర్‌సల్ఫేట్ నిల్వ ఉంచితే నెమ్మదిగా పాడవుతుంది, దాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

మొదటి ప్రయోగం: అయొడైడ్ 20 మి.లీ., పర్‌సల్ఫేట్ 20 మి.లీ., థయోసల్ఫేట్ 10 మి.లీ. రెండోది: అయొడైడ్ 10 మి.లీ.కి తగ్గించి, తగ్గినంతా నీళ్ళు పోశాం. మిగతావి మారలేదు.

మొదటిది పొద్దున పది గంటలకు చేశాం, 26 సెకన్లు వచ్చింది. తర్వాత థియరీ క్లాసు, భోజనం. రెండోది మధ్యాహ్నం రెండు దాటాక చేస్తే 41.6 సెకన్లు. కాలం 1.6 రెట్లైంది, అంటే రేటు 1.6 రెట్లు తగ్గింది. గాఢత రెండు రెట్లు తగ్గింది. ఆర్డర్ = log 1.6 / log 2 = 0.68.

నా బ్యాచ్‌మేట్ ‘మూడింట రెండా? అట్లాంటి ఆర్డర్ కూడా ఉంటాదా?’ అంది. భిన్నాంక ఆర్డర్లు నిజంగానే ఉన్నాయి కాబట్టి కాదని వెంటనే అనలేకపోయాం. అప్పుడు అటెండర్ అన్న కిటికీ మూస్తూ, ‘ఏం మా, మధ్యాహ్నం ఈ గదిలో మనిషే ఉండలేడు, మీ మందులు మాత్రం పొద్దున ఉన్నట్టే ఉంటాయా?’ అన్నాడు. థర్మామీటర్ ముంచి చూస్తే ద్రావణం 34 డిగ్రీలు. పొద్దున 29 ఉన్నట్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాం, కానీ దాని వైపే చూడలేదు.

ఈ చర్య 30 డిగ్రీల దగ్గర ప్రతి ఐదు డిగ్రీలకీ దాదాపు 1.4 రెట్లు వేగమవుతుంది. మధ్యాహ్నపు ఫ్లాస్కు గాఢత తగ్గినందుకు నెమ్మదించింది, వేడెక్కినందుకు వేగం పుంజుకుంది. రెండూ కలిసిపోయి 0.68 అయింది. పట్టికలో ‘గాఢత మాత్రమే మారింది’ అని రాసే ముందు అది నిజమేనా అని చూసుకోవాలి.

ఏప్రిల్ 8

పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి దొరికింది. గేటు బయట చెరకురసం బండాయన దగ్గర ఐసు ముక్కలు తెచ్చి నీళ్ళను 30 డిగ్రీలకు దించాం. వేడెక్కితే ఒక ముక్క, చల్లబడితే లోటాడు కుళాయి నీళ్ళు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు ఈ నెలలో ఎలాగూ వేడిగానే వస్తాయి.

చేసే పద్ధతి కూడా ఒకటి ఖాయం చేసుకున్నాం. కోనికల్ ఫ్లాస్కులో అయొడైడ్, నీళ్ళు, థయోసల్ఫేట్. బీకరులో పర్‌సల్ఫేట్. రెండూ టబ్బులో పది నిమిషాలు ఉండాలి. తర్వాత బీకరులోది ఒక్కసారిగా ఫ్లాస్కులో గుమ్మరించాలి, సగం పడగానే స్టాప్‌వాచ్ నొక్కాలి, ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. టబ్బు అడుగున తెల్లటి పలక పెట్టాం. ఆ రంగు రావడం చూడవలసిందే. ఇరవై సెకన్ల పాటు నీళ్ళలాగే ఉంటుంది, మరుక్షణం ఒక పక్క నుంచి నీలం చీరలా పరుచుకుంటుంది. ఇక్కడ అర సెకను కన్నా తేడా రాకూడదు.

ప్రతి ప్రయోగం మూడుసార్లు చేశాం. మొదటిది 24.2, 24.6, 24.4. రెండోది 54.1, 54.6, 54.2. ఇంత దగ్గరగా వచ్చేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

| ప్రయోగం | [I⁻] మోలార్ | [S₂O₈²⁻] మోలార్ | సగటు కాలం, సె. |
|---|---|---|---|
| 1 | 0.080 | 0.040 | 24.4 |
| 2 | 0.040 | 0.040 | 54.3 |
| 3 | 0.080 | 0.020 | 57.8 |

గాఢతలు మిశ్రమంలోవి, సీసా మీద రాసినవి కావు. సీసాలో అయొడైడ్ 0.20 మోలార్, కానీ 20 మి.లీ. తీసి 50 మి.లీ. చేశాక అది 0.080.

1, 2 వరుసల్లో పర్‌సల్ఫేట్ ఒకటే, కాబట్టి రేట్ల నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది. k కూడా కొట్టుకుపోతుంది. అయొడైడ్ ఆర్డర్‌ని n అనుకుంటే మిగిలేది:

2ⁿ = 54.3 / 24.4 = 2.225, కాబట్టి n = log 2.225 / log 2 = 1.15

అలాగే 1, 3 వరుసల నుంచి పర్‌సల్ఫేట్ ఆర్డర్ m:

2ᵐ = 57.8 / 24.4 = 2.369, కాబట్టి m = 1.24

సమీకరణంలో అయొడైడ్ ముందు 2 ఉంది. ఆర్డర్ మాత్రం 2 దరిదాపుల్లో కూడా లేదు. గుణకాలు చూసి ఆర్డర్ రాయకూడదని క్లాసులో విన్న మాట మా స్టాప్‌వాచ్‌లో కనిపించింది. అది బాగానే ఉంది. మరి 1.15 ఏంటి, 1.24 ఏంటి?

బ్యాచ్‌మేట్ రెండింటినీ 1 అని రాసేద్దాం అంది. నాకూ ఇంచుమించు అదే ఆలోచన. మేడమ్ పట్టిక చూసి అడిగింది ఒక్కటే: ‘మీ బొటనవేలు తప్పు చేస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి కదమ్మా. రెండూ ఒకే వైపు ఎందుకు జరిగాయి?’

ఏప్రిల్ 9

రాత్రి ఇంటికొచ్చి ఆ ప్రశ్నకు లెక్క వేశాను. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.3 సెకను తప్పు ఉందనుకుందాం. ఒకదాంట్లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ తీసుకుంటే నిష్పత్తి 54.6/24.1 నుంచి 54.0/24.7 వరకు మారుతుంది. ఆర్డర్ 1.18 నుంచి 1.13 వరకు. ఎంత లాగినా 1 దగ్గరికి రాదు. ఆర్డర్ 1 కావాలంటే రెండో ప్రయోగం 48.8 సెకన్లలో అయిపోవాలి. మాకు మూడుసార్లూ 54 దాటింది. ఐదున్నర సెకన్లు వేలి తప్పు కాదు.

ఇంకో పని చేశాను. రెండు ఆర్డర్లూ 1 అనుకుని ప్రతి వరుసకీ విడివిడిగా k కట్టాను. మొదటి వరుసలో 6.4 × 10⁻³, రెండో వరుసలో 5.8 × 10⁻³, మూడో వరుసలో 5.4 × 10⁻³. ఉష్ణోగ్రత మారనప్పుడు స్థిరాంకం స్థిరంగా ఉండాలి. ఇక్కడ వరుసగా దిగుతోంది. పరీక్షల్లో ఒక వరుస తీసుకుని k కట్టి వదిలేస్తాం. అన్ని వరుసలకీ కట్టి ఉంటే పట్టికలో ఏదో దాగి ఉందని అదే చెప్పేది.

2, 3 వరుసల్లో గాఢత కాక ఇంకేం మారింది? పొద్దున బస్సులో అదే ఆలోచన. నీళ్ళు. తగ్గించినంత ద్రావణం బదులు నీళ్ళు పోశాం. వాల్యూమ్ సరిపోయింది, కానీ ఫ్లాస్కులో మొత్తం అయాన్ల సంఖ్య తగ్గిపోయింది.

మేడమ్‌కి ఇది చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. బోర్డు దగ్గర నిలబెట్టి వివరంగా చెప్పింది. ఢీకొనవలసిన రెండు అయాన్లూ రుణావేశం ఉన్నవే, S₂O₈²⁻, I⁻. అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చుట్టూ పొటాషియం, అమ్మోనియం లాంటి ధనావేశ అయాన్లు మూగి ఉంటే ఆ తోపు కొంత తగ్గి, అవి దగ్గరికి రాగలుగుతాయి, చర్య వేగమవుతుంది. నీళ్ళు పోస్తే ఆ మూక పలచబడుతుంది, తోపు పెరుగుతుంది, k పడిపోతుంది. దీన్ని ప్రైమరీ సాల్ట్ ఎఫెక్ట్ అంటారట. 1920ల్లో బ్రాన్‌స్టెడ్, బ్యెరమ్ దీన్ని సూత్రీకరించారు. చర్యలో పాల్గొనే రెండూ వ్యతిరేక ఆవేశాలవైతే ఇదంతా తలకిందులవుతుంది. ఒకదానికి ఆవేశమే లేకపోతే ఈ ప్రభావం దాదాపు ఉండదు.

ఎంత మూగాయో కొలిచే అంకె అయానిక్ స్ట్రెంగ్త్. ప్రతి అయాన్ గాఢతనూ దాని ఆవేశం వర్గంతో గుణించి, అన్నీ కూడి, సగం చేయాలి. పొటాషియం అయొడైడ్ 0.080 మోలార్ ఉంటే దాని వాటా 0.080. అమ్మోనియం పర్‌సల్ఫేట్‌లో రెండు ఒంటి ఆవేశాలు, ఒక జంట ఆవేశం ఉన్నాయి కాబట్టి దాని వాటా మూడింతలు, 0.040కి 0.120. థయోసల్ఫేట్ వాటా 0.003. అంతా కలిపితే మొదటి ప్రయోగానికి 0.203. రెండోదానికి 0.163, మూడోదానికి 0.143. నిన్నటి k దిగిన వరుస కూడా ఇదే. మూడో ప్రయోగంలో ఆర్డర్ ఎందుకు మరీ ఎక్కువ తప్పిందో కూడా దీంతో తెలిసింది. సగం చేసింది పర్‌సల్ఫేట్‌ని, దాని వాటా మూడింతలు కదా.

ఏప్రిల్ 10

నీళ్ళ బదులు ఏం పోయాలి? చర్యలో వేలు పెట్టనిది, తీసేసిన ఉప్పంత అయాన్లనే ఇచ్చేది కావాలి. అయొడైడ్ బదులు 0.20 మోలార్ పొటాషియం నైట్రేట్ (250 మి.లీ.కి 5.06 గ్రాములు). పర్‌సల్ఫేట్ బదులు 0.10 మోలార్ అమ్మోనియం సల్ఫేట్ (250 మి.లీ.కి 3.30 గ్రాములు). పర్‌సల్ఫేట్‌లాగే సల్ఫేట్‌కీ రెండు రుణావేశాలు. అందువల్ల 10 మి.లీ. తీసి 10 మి.లీ. పోస్తే అయానిక్ స్ట్రెంగ్త్ 0.203 దగ్గర కదలకుండా ఉంటుంది. రెండు ఉప్పులూ మా స్టోర్‌లోనే ఉన్నాయి.

మొదటి ప్రయోగంలో ఏమీ మారదు, అయినా మళ్ళీ చేశాం. కొత్తగా నాలుగోది చేర్చాం, రెండూ సగం. పట్టిక కట్టడానికి మూడు వరుసలు చాలు. నాలుగోది ఆ మూడూ నిజం చెప్తున్నాయా అని అడగడానికి.

| ప్రయోగం | [I⁻] | [S₂O₈²⁻] | కాలం, సె. | రేటు, మోల్ లీ⁻¹ సె⁻¹ |
|---|---|---|---|---|
| 1 | 0.080 | 0.040 | 24.5 | 2.04 × 10⁻⁵ |
| 2 | 0.040 | 0.040 | 48.6 | 1.03 × 10⁻⁵ |
| 3 | 0.080 | 0.020 | 49.4 | 1.01 × 10⁻⁵ |
| 4 | 0.040 | 0.020 | 97.6 | 5.12 × 10⁻⁶ |

రెండో ప్రయోగంలో 45 దాటేసరికి ఇద్దరం ఊపిరి బిగబట్టాం. 48.6 దగ్గర నీలం వచ్చింది. నిన్నటిదాకా 54 చూసిన కళ్ళకు అది ఎంత ముందుగా వచ్చినట్టుందో చెప్పలేను.

n = log(48.6/24.5) / log 2 = 0.99. m = log(49.4/24.5) / log 2 = 1.01. ఒకటి కాస్త కింద, ఒకటి కాస్త పైన. వేలి తప్పు ఉంటే ఉండవలసిన తీరు ఇది. ఇప్పుడు 1 అని రాయడానికి చేయి వెనకాడలేదు.

రేటు = k [S₂O₈²⁻] [I⁻]

ఏప్రిల్ 11

k కట్టే రోజు. రేటు ఎలా వచ్చిందో ఇక్కడ విడమరిచి రాస్తాను, ఎందుకంటే మా ప్రాజెక్టు చూడటానికొచ్చిన జూనియర్ ఒకడు మా అంకెలే తీసుకుని లెక్క వేస్తే k మాకన్నా సరిగ్గా రెట్టింపు వచ్చింది, 12.8 × 10⁻³. ఆర్డర్లు మాత్రం మాతో కలిశాయి.

తను థయోసల్ఫేట్ గాఢత 0.0010ని నేరుగా కాలంతో భాగించాడు. ఒక అయొడిన్ అణువు రెండు థయోసల్ఫేట్ అయాన్లను తింటుంది. ఒక పర్‌సల్ఫేట్ ఒక అయొడిన్‌ని ఇస్తుంది. కాబట్టి 0.0010 థయోసల్ఫేట్ అయిపోయిందంటే పర్‌సల్ఫేట్ పోయింది 0.00050 మాత్రమే. మనం రేటు అని రాస్తున్నది పర్‌సల్ఫేట్ తగ్గే రేటు:

రేటు = 0.00050 / 24.5 = 2.04 × 10⁻⁵ మోల్ లీ⁻¹ సె⁻¹

ఈ పొరపాటు ఆర్డర్లలో ఎప్పటికీ బయటపడదు. నిష్పత్తి తీసినప్పుడు పైనా కిందా అదే 2 ఉంటుంది, కొట్టుకుపోతుంది. థయోసల్ఫేట్ ద్రావణం పాతబడి దాని బలం తగ్గినా ఇదే కథ. అన్ని కాలాలూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, ఆర్డర్లు చక్కగా 1 వస్తాయి, k ఒక్కటే తప్పుతుంది. అందుకే ఆర్డర్లు బాగా వచ్చాయి కాబట్టి k కూడా సరైనదే అనుకోకూడదు. అందుకే ఇవాళ థయోసల్ఫేట్‌ని పొటాషియం డైక్రోమేట్‌తో టైట్రేట్ చేసి చూశాం. 0.0050 నిలబడింది.

మొదటి వరుసకు:

k = 2.04 × 10⁻⁵ / (0.080 × 0.040) = 6.38 × 10⁻³ లీ. మోల్⁻¹ సె⁻¹

మిగతా మూడింటికీ అలాగే: 6.43, 6.33, 6.40. సగటు 6.4 × 10⁻³. ఏప్రిల్ 8న 6.4 నుంచి 5.4కి జారిన అంకె ఇప్పుడు నాలుగు వరుసల్లోనూ ఒక చోటే నిలిచింది. యూనిట్లు కూడా కంఠతా పట్టిన ఫార్ములాతో కాకుండా కొట్టివేతతో రాబట్టాం. రేటులో మోల్ లీ⁻¹ సె⁻¹, కింద రెండు గాఢతలు. మిగిలేది లీ. మోల్⁻¹ సె⁻¹. మొత్తం ఆర్డర్ 2 అయితే రావలసినవి ఇవే.

రికార్డులో k పక్కన ‘30 డిగ్రీలు, అయానిక్ స్ట్రెంగ్త్ 0.20’ అని రాయాలని మేడమ్ గట్టిగా చెప్పింది. ఆ రెండూ లేకుండా ఈ 6.4ని ఇంకొకరి అంకెతో పోల్చలేం. పలచటి ద్రావణంలో చేసినవాళ్ళకు మా దాంట్లో సగం రావచ్చు, వాళ్ళ కొలతా సరైనదే కావచ్చు.

ఏప్రిల్ 13

ఇవాళ చేసింది ఒక్కటే. పట్టికలో లేని మిశ్రమం ఒకటి తీసుకుని, ముందే కాలం లెక్కగట్టి, కాగితం మీద రాసి మేడమ్ చేతికిచ్చి, తర్వాత ప్రయోగం చేయడం. అయొడైడ్ 5 మి.లీ., పొటాషియం నైట్రేట్ 15, పర్‌సల్ఫేట్ 15, అమ్మోనియం సల్ఫేట్ 5, థయోసల్ఫేట్ 10. అంటే అయొడైడ్ 0.020, పర్‌సల్ఫేట్ 0.030.

రేటు = 6.4 × 10⁻³ × 0.030 × 0.020 = 3.84 × 10⁻⁶

కాలం = 0.00050 / 3.84 × 10⁻⁶ = 130 సెకన్లు

టబ్బు 30 డిగ్రీల దగ్గర ఉందని అటెండర్ అన్న రెండుసార్లు చూసి చెప్పాడు. బ్యాచ్‌మేట్ గుమ్మరించింది, నేను నొక్కాను. రెండు నిమిషాలు దాటాక ఎవరూ మాట్లాడలేదు. 129.4 దగ్గర నీలం వచ్చింది. మేడమ్ కాగితం విప్పి, మేం రాసిన 130 పక్కనే ఆ అంకె వేసి, తేదీ రాసి రికార్డులో అతికించమంది.